చెప్పులు ఇంటి దగ్గరే ఎందుకు విడుస్తాం

మిరపకాయ ఘాటు ముక్కుకే అనుకునేవాణ్ణి. మడమ పగుళ్ళలోకి దిగితే ఎలా ఉంటుందో మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్న ఏడాదే తెలిసింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాను నేను. కార్తీకమాసం అంటే కొత్త కాయ ఇంకా చేలోనే ఉంటుంది, యార్డుకు వచ్చేది కోల్డ్ స్టోరేజీ సరుకు. అయినా నేల నిండా గింజలూ తొడిమలూ ఎర్రటి పొడీ ఉండనే ఉంటాయి. మాల వేసుకున్న పదో రోజుకి నా మడమలు పగిలాయి. ఆ పొడి పగుళ్ళలో ఇరుక్కుంది. సాయంత్రం ఇంటికొచ్చి చన్నీళ్ళు పోసుకుంటే మంట తగ్గలేదు సరికదా, పాదమంతా పాకింది.

ఆ రాత్రి చాప మీద పడుకుని నాకు నేనే వేసుకున్న ప్రశ్న ఇది: శబరిమలలో ఎక్కే కొండ పంపా నది దగ్గర్నుంచి సన్నిధానం దాకా అయిదు కిలోమీటర్లే. ఆ అయిదు కిలోమీటర్ల కోసం 41 రోజుల ముందు నుంచీ, అక్కడికి వెయ్యి కిలోమీటర్ల అవతల, గుంటూరు బజార్లలో చెప్పుల్లేకుండా నేనెందుకు తిరగాలి?

ఈ ప్రశ్నకు మనవాళ్ళ దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి సైన్సు జవాబు. పాదాల్లో నరాల కొసలుంటాయి, ఉత్తకాళ్ళతో నడిస్తే అవి ఉత్తేజితమవుతాయి, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం రోగనిరోధక శక్తి పెంచుతుంది, నల్లబట్ట చలికాలంలో వెచ్చదనం ఇస్తుంది అంటారు. ప్రతి నవంబరులోనూ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది ఇది. నాకు దీని మీద పెద్ద గౌరవం లేదు. ఆరోగ్యం కోసమే అయితే మాల తీశాక కూడా చెప్పులు మానేయాలి కదా. ఒక్కరైనా మానేశారా? రెండో జవాబు, మన కష్టం చూసి స్వామి కరుగుతాడని. ఇది కూడా నాకు సరిగా అతకదు. మా గురుస్వామి దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన వృత్తికి దర్జీ. ఇరవైసార్లకు పైగా కొండ ఎక్కిన మనిషి. "స్వామీ, మీ మడమ పగిలితే అయ్యప్పకు వచ్చేదేముంది? ఆయన దానికోసం కూర్చోలేదక్కడ" అన్నారు.

మరి దేనికి? నాకు అర్థమైనది చెబుతాను. ముందు చెప్పుల సంగతే చూద్దాం.

మనం గుడికి వెళితే చెప్పులు ఎక్కడ విడుస్తాం? గుడి బయట. అక్కడి నుంచి లోపలిది వేరే నేల. ఆ నేల మీద గొంతు తగ్గిస్తాం, ఉమ్మెయ్యం, ఎవరినైనా తిట్టబోయినా నాలుక కరుచుకుంటాం. ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు, కాలికి రాయి చల్లగా తగలగానే ఒంటికి గుర్తొస్తుంది. మాల వేసుకున్నవాడు చెప్పులు ఇంటి గడప దగ్గరే విడిచేస్తాడు, 41 రోజుల పాటు. అంటే గుడి ప్రహరీగోడ మన గడప దాకా జరిగినట్టే. కూరగాయల బజారు, బస్టాండు, మిర్చి యార్డు, అన్నీ గుడి లోపలికే వచ్చేశాయి. కొండ దగ్గరికెళ్ళి చెప్పులు విడిస్తే అయిదు కిలోమీటర్లే గుడి. ఇక్కడే విడిస్తే మన ఊరు కూడా గుడే.

ఇది మాటల గారడీ అనుకోకండి. అరికాలికి నిజంగానే ఆ సంగతి తెలుస్తుంది. చెప్పులున్న కాలు చూడకుండా నడుస్తుంది, ఉత్తకాలు ప్రతి అడుగూ చూసుకుని వేస్తుంది. మొదటి వారం నా నడక సగానికి పడిపోయింది. అరండల్‌పేట నుంచి యార్డుకు బండి మీద వెళ్ళేవాణ్ణే, కానీ దిగాక షెడ్ల మధ్య నడిచే ఆ కాస్త దూరమే గగనమయ్యేది. ఫోను చూస్తూ నడవడం తనంతట తనే పోయింది. అలా నేల చూస్తూ నడుస్తుంటేనే, పదేళ్ళుగా పనిచేస్తున్న చోట ఆడకూలీలు కాయల తొడిమలు తీస్తూ కూర్చునే మూల ఎంత మురికిగా ఉంటుందో మొదటిసారి చూశాను. అక్కడ అంతకుముందూ వందలసార్లు నడిచాను. అప్పుడు కాళ్ళకు చెప్పులున్నాయి.

ఇక బట్ట. నల్ల లుంగీ, నల్ల చొక్కా లేదా భుజాన నల్ల కండువా. కొందరు నీలం కడతారు, కాషాయం కట్టేవాళ్ళూ ఉన్నారు. శనికి ఇష్టమైన రంగనీ, మాల వేసుకున్నవాళ్ళను శని పట్టడనీ పెద్దలు చెబుతారు. ఆ కథ నేను కాదనను. కానీ ఆ బట్ట చేసే పని నేను చూసింది వేరు. అది నా నియమాన్ని ఊరి చేతికి అప్పగిస్తుంది.

మామూలుగా మనం ఏదైనా మానేద్దామనుకుంటే అది మన మనసులోనే ఉంటుంది, మీరినా అడిగేవాడు లేడు. నల్లబట్ట కట్టాక అలా కుదరదు. నేను రోజూ సాయంత్రం సిగరెట్ కొనే కిళ్ళీకొట్టు ముందు మూడో రోజు అలవాటుగా బండి ఆపాను. కొట్టబ్బాయి ప్యాకెట్ మీద చెయ్యి పెట్టి, మెడలో మాల చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని "స్వామి శరణం" అన్నాడు. అంతే. నేనూ "స్వామి శరణం" అని బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. ఆ రోజు నా వ్రతాన్ని నిలబెట్టింది నా నిగ్రహం కాదు, ఆ అబ్బాయి. తన బేరం తనే పోగొట్టుకున్నాడు పాపం.

టీకొట్టువాడు మాకోసం గ్లాసు విడిగా కడిగి పెడతాడు. బస్సులో ఎవరో జరిగి చోటిస్తారు. రోడ్డు మీద బూతు మాట అంటున్నవాడు మనల్ని చూసి మధ్యలో ఆపేస్తాడు. ఒక మనిషి దీక్షను ఇంతమంది తలా ఒక చెయ్యి వేసి మోస్తారు. ఏకాంతంగా, ఎవరికీ తెలియకుండా చేసే తపస్సు గొప్పదే కావచ్చు. కానీ అది నాలాంటి గుమాస్తాల వల్ల అయ్యే పని కాదు. అయ్యప్ప దీక్ష మాలాంటివాళ్ళ కొలతకు కుట్టిన చొక్కా.

రోజు ఎలా గడిచేదో చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు చన్నీళ్ళ స్నానం. పీఠం దగ్గర దీపం, శరణుఘోష. మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, దాన్ని భిక్ష అనాలి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. సాయంత్రం మళ్ళీ తలస్నానం, పూజ, రాత్రికి అల్పాహారం. చాప మీద పడక, తలకింద దిండు ఉండదు. గడ్డం గీయకూడదు, జుట్టు కత్తిరించకూడదు, బ్రహ్మచర్యం పాటించాలి. మొదటి వారం ఇదంతా పండగలా ఉంటుంది. నా మటుకు రెండో వారమే అసలు పరీక్ష. ఆకలి అలవాటైంది కానీ కోపం పెరిగింది. ప్రతిదానికీ చిరాకు. చల్లారిన సాంబారు మీద, మూతపడని బీరువా మీద, గట్టిగా నవ్విన పిల్లల మీద. గురుస్వామిని అడిగితే ఆయనకు ఆశ్చర్యమేం కలగలేదు. "ఇన్నాళ్ళూ టీ, సిగరెట్టు, టీవీ కింద పెట్టి దాచారు స్వామీ దాన్ని. మూత తీశారు, పైకొచ్చింది. ఇంకో వారం ఆగండి" అన్నారు. నియమాలు మనల్ని పవిత్రుల్ని చేస్తాయని వినేవాణ్ణి. ముందు మనలోని గలీజు పైకి తేలుతుందని ఎవరూ చెప్పలేదు. నాలుగైదు రోజుల గడువు అయితే ఆ కోపంతోనే కొండకు పోయి కోపంతోనే తిరిగొచ్చేవాణ్ణి. మండలం పాటు ఉండమనడంలో అర్థం నాకు ఇక్కడ కనిపించింది. ఇప్పుడు మూడు రోజుల మాలలు, కొండ కింద వేసుకుని కొండ మీద తీసే మాలలు కూడా వచ్చాయి. వేసుకునేవాళ్ళ భక్తిని నేను తూచలేను. కాకపోతే ఆ రెండో వారం వాళ్ళకు రాదు.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది, అది తిండిదీ కాదు, బట్టదీ కాదు. పేరుది. మాల పడగానే మన పేరు పోతుంది. నేను స్వామి, ఎదుటివాడూ స్వామి. చిన్నపిల్లవాడైతే మణికంఠస్వామి, ఆడపిల్ల అయితే మాలికాపురం. వేసుకున్న ఏళ్ళను బట్టి మొదటిసారి కన్నెస్వామి, రెండోసారి కత్తిస్వామి, మూడోసారి గంటస్వామి, అలా. మా బృందంలో మా కొట్టు హమాలీ ఒకతను ఉన్నాడు. బస్తా వీపు మీద వేసుకుని ఎంతమందిలోనైనా దారి చేసుకుపోయే మనిషి. అప్పటికి అతను గంటస్వామి, నేను కన్నెస్వామిని. అంటే భజన అయ్యాక నేను వంగి అతని పాదాలకు దణ్ణం పెట్టాలి. మొదటి రోజు వంగానే కానీ చెయ్యి సరిగా ఆనించలేదు. అతనికి తెలిసింది, ఏమీ అనలేదు. నా మడమల పగుళ్ళు చూసి మందు చెప్పింది కూడా అతనే. రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఒత్తి, ఆముదం రాసి పడుకోమన్నాడు. పగులులో కారం ఉంటే ముందు నూనె రాసి తుడవాలట, నీళ్ళు పోస్తే పాకుతుందట. ఏళ్ళ తరబడి ఆ నేల మీద నడిచినవాడి చదువది. పాతికో రోజుకు నా కాళ్ళు గట్టిపడ్డాయి.

శబరిమల గుడి ముందు పెద్ద అక్షరాలతో "తత్త్వమసి" అని రాసి ఉంటుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన మాట, నువ్వే అది అని. వేదాంతం చదివినవాళ్ళు దాని మీద వందల పేజీలు రాశారు. మాకు ఆ పాఠం వ్యాకరణంలో చెప్పారు. నువ్వు ఎవరిని చూడ్డానికి వెళుతున్నావో ఆయన పేరే నీకూ, పక్కవాడికీ పెట్టేస్తారు. 41 రోజులు ఆ పేరుతోనే పిలుస్తారు. కొండ ఎక్కేసరికి ఆ మాట కొత్తది కాదు, నోటికి అలవాటైపోయినది.

ఇరుముడి కట్టిన రోజు కూడా ఇలాంటిదే మరొకటి కళ్ళతో చూశాను. ముద్ర కొబ్బరికాయ అంటాం. పీచంతా తీసి, చిప్ప నున్నగా అయ్యేదాకా గీకి, ఒక కన్ను పొడిచి నీళ్ళు వంపేసి, అందులో ఆవునెయ్యి పోసి బిరడా బిగిస్తారు. కాయలో నీళ్ళు పూర్తిగా పోవాలి, లేకపోతే నెయ్యి పాడైపోతుంది. మా గురుస్వామి ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టి ఊపి చూశారు. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ దోసిళ్ళతో బియ్యం వేశారు. మూటలో ముందు అర దేవుడికి, వెనక అర మన దారి బత్తేనికి. అడవి దారిన పులుల మధ్య నడిచి వెళ్ళే రోజుల్లో వెనక అర నిజంగానే దారిలో వండుకునే తిండి. ఇప్పుడూ ఎరుమేలి నుంచి అళుదా, కరిమల మీదుగా పెద్దపాదం దారి నడిచేవాళ్ళున్నారు. అది పెరియార్ పులుల అభయారణ్యం నేల. తిరిగొస్తామో లేదో తెలియని ప్రయాణానికి మనిషి ముందే తన తిండి, పడక, సంసారం, పేరు ఒక్కొక్కటే వదిలి తేలికవడం అప్పట్లో వేదాంతం కూడా కాదు, అవసరం. పులి భయం తగ్గింది, బస్సులు పంపా దాకా వచ్చాయి. అవసరం పోయాక కూడా నియమం నిలిచింది. ఇరుముడి తల మీద ఉన్నవాళ్ళే పద్దెనిమిది మెట్లు ఎక్కాలన్న నియమం ఇవాళ్టికీ గట్టిగా అమలవుతోంది. లేనివాళ్ళు పక్క దారిన వెళ్ళి దర్శనం చేసుకోవాలి. పైన కాయ పగలగొట్టి నెయ్యి అభిషేకానికి ఇస్తారు. చిప్పను మెట్ల కింద మండే ఆళి అనే అగ్నిగుండంలో వేస్తారు. నెయ్యి ప్రాణమనీ, కాయ దేహమనీ అర్థం చెబుతారు.

ఇన్ని మెచ్చుకున్నాను కాబట్టి, తేడా వచ్చేచోట్లు కూడా చెప్పాలి.

మా బృందంలో షుగరున్న స్వామి ఒకాయన, యాభై దాటినవారు. ఇరవయ్యో రోజున వాళ్ళావిడ ఇల్లు తుడుస్తూ నేల మీద ఎర్రటి చుక్కలు చూసిందట. ఆయనకు తెలియనే తెలియదు. బొటనవేలి కింద చిన్న ఇనప మేకు ముక్క దిగి రెండ్రోజులైంది, నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి ఆయన స్వామి మహిమ అనుకున్నారు. డాక్టరు మాత్రం అది మహిమ కాదు, నరాలు చచ్చిపోవడం అన్నాడు. షుగరున్నవాళ్ళు దీక్షకు ముందే ఒక పని చేయాలి. కళ్ళు మూసుకుంటే ఇంకొకరు వేలికొసతో కాలివేళ్ళను మెల్లగా తాకాలి. ఏ వేలు తాకారో తెలియకపోతే ఆ కాలు ఉత్తగా నేల మీద పెట్టే కాలు కాదు. తెలిసినా సరే, రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి, వేళ్ళ సందులు కూడా. ఆయన మాత్రం చెప్పులు వేసుకోనని మొండికేశారు. గురుస్వామే ఒక జత కొని తెచ్చి ఆయన ముందు పెట్టి, "కాలు పోగొట్టుకుంటే పద్దెనిమిది మెట్లూ దేనితో ఎక్కుతారు స్వామీ?" అని అడిగారు. వేసుకున్నారు. గుండె సంగతీ అంతే. నీలిమల ఎక్కుడు నిట్టనిలువుగా ఉంటుంది, అందుకే నీలిమల, అప్పాచిమేడుల దగ్గర గుండె వైద్య కేంద్రాలు పెట్టారు. ఒక్కపూట తిండి ఆ ఎక్కుడికి ఊపిరినేమీ సిద్ధం చేయదు. దీక్ష రోజుల్లో పొద్దున్నే ఓ గంట నడక ఉంటేనే కాస్త నయం.

రెండోది, దీక్ష ఎవరిది అన్నది. నాలుగున్నరకు నేను స్నానం చేస్తే నాలుగుకే లేచింది మా ఆవిడ. ఉల్లి లేని వంట నాకు, పిల్లలకు వేరే. రోజూ తడిసే నల్లబట్టలు, ఆరకపోతే ఇస్త్రీ పెట్టె. తనూ మాంసం మానేసింది, తనూ నేల మీదే పడుకుంది. మెడలో మాల లేదు, ఎవరూ స్వామి అనలేదు. 1991లో కేరళ హైకోర్టు పది నుంచి యాభై ఏళ్ళలోపు స్త్రీలు కొండకు రాకూడదన్నప్పుడు, 41 రోజుల వ్రతం వాళ్ళకు కుదరదన్నది అక్కడ వినిపించిన వాదనల్లో ఒకటి. 2018లో సుప్రీంకోర్టు 4–1తో ఆ నిషేధాన్ని కొట్టేసింది, దాని మీద పునర్విచారణ పెద్ద బెంచికి వెళ్ళింది. ఆ తగవులోకి నేనిప్పుడు దిగను. కుదరదన్న మాట మాత్రం మా వంటింట్లో నిలబడదు. రెండోసారి మాల వేసుకున్నప్పుడు నా బట్టలు నేనే ఉతుక్కున్నాను, నా పళ్ళెం నేనే కడుక్కున్నాను. పదిహేను నిమిషాల పని. మొదటిసారి అది నియమాల్లో లేదనుకున్నాను.

కొండ మీద దర్శనం సంగతి అడుగుతారేమో. గంటల కొద్దీ క్యూ, మెట్ల మీద పోలీసులు చేతులందించి పైకి లాగడం, స్వామి ముందు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఏం చూశానో సరిగా గుర్తులేదు. దీపం, నెయ్యి వాసన, మెరుపు. నన్నడిగితే యాత్ర అప్పటికే అయిపోయింది, గుంటూరులోనే.

తిరిగొచ్చాక గురుస్వామి మాల తీశారు. మర్నాడు గడ్డం గీయించుకుని, గడప పక్కన దుమ్ము పట్టిన చెప్పులు దులిపి వేసుకుంటే రెండు కాళ్ళకూ బిగుతుగా తగిలాయి. కాళ్ళు వెడల్పయ్యాయో ఏమో. యార్డులో మా షావుకారుగారు నన్ను చూసి, "ఏమోయ్, వచ్చావా? లెక్కలు పేరుకుపోయాయి" అన్నారు. నిన్నటిదాకా స్వామీ, మీరు అన్న మనిషి. మనసులో చివుక్కుమంది. ఇంతలో లారీ వచ్చింది. బస్తాల కాటా చీటీ చేతిలో పట్టుకుని బయటికి వెళ్ళాను. హమాలీ కూడా మాల తీసేశాడు, పాత గళ్ళ లుంగీలో ఉన్నాడు. నన్ను చూసి చేతులు జోడించబోయాడు. నేను అప్పటికే అనేశాను: "ఏరా, ఈ లాటు ఏ షెడ్డుదిరా?"